కబడ్డీ పిల్లల అలసట లెక్క: ఆరో వారం

ఊరి హైస్కూల్లో అండర్-17 కబడ్డీ జట్టుకు సాయంత్రాలు కోచింగ్ ఇస్తున్నాను. పన్నెండుమంది పిల్లలు, ఒక రూళ్ళ నోటు పుస్తకం. పద్ధతి అమెరికన్ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్‌ది. ప్రాక్టీస్ అయ్యాక ‘మొత్తం మీద ఎంత కష్టమనిపించింది?’ అని అడిగి, 0 నుంచి 10 లోపు వాళ్ళు చెప్పిన అంకెను నిమిషాలతో గుణించాలి. 75 నిమిషాల ఆటకు 6 అంటే 450. వారం మొత్తం కూడితే ఆ పిల్లాడి మీద పడిన భారం.

అడగడంలోనే తిప్పలన్నీ. మొదట్లో చివరి పరుగు అవగానే వరసగా నిలబెట్టి అడిగాను. రొప్పుతూ అందరూ 8, 9 అన్నారు. పైగా కెప్టెన్ ఏమంటే మిగతావాళ్ళదీ అదే. అరగంట ఆగి అడగాలంటారు, కానీ మావాళ్ళకు బస్సు టైమ్. అందుకని మ్యాట్లు మడిచి, నీళ్ళు తాగి, బ్యాగులు సర్దుకున్నాక ఒక్కొక్కరినే పిలుస్తున్నాను. అట్టమీద 3 పక్కన ‘ఓ మోస్తరు’, 5 పక్కన ‘కష్టం’, 7 పక్కన ‘చాలా కష్టం’, 10 పక్కన ‘ఇక నావల్ల కాదు’ అని రాసి ఉంటుంది. నోటితో చెప్పరు, వేలు పెట్టి చూపిస్తారు.

నిమిషాల్లోనూ పొరపడ్డాను. రెండు వారాలు బెల్లు నుంచి బెల్లు దాకా 90 వేశాను. అందులో ఇరవై నిమిషాలు గీతలు గీయడానికే పోయాయి. ఇప్పుడు వార్మప్ మొదలైనప్పటి నుంచి లెక్క.

పోయిన వారం జట్టులో చాలామందికి సోమ 60×4, మంగళ 75×6, గురు 75×7, శుక్ర 45×3, శని 90×7. మొత్తం 1980. శుక్రవారం కావాలనే తేలిక ఆట పెట్టాను. అయినా మా రైడర్ ఒకడు 9 మీద వేలు పెట్టాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నా. పక్కకు పిలిచి అడిగితే, “రాత్రిళ్ళు ఊళ్ళో లైట్లేసుకుని ఆడుతున్నాం సార్, సంక్రాంతి పోటీలున్నాయి కదా” అన్నాడు. బుధవారం గంట, 7. గురువారం గంట, 8. అంటే 420, 480. శుక్రవారం వాడి లెక్క 135 కాదు, 405. అన్నీ కలిపితే 3150. అంతకు ముందు వారం వాడిది 2050.

ఊళ్ళో ఆడొద్దంటే వినడు, అనడం న్యాయమూ కాదు. ఈ వారం మంగళవారం వాడికి పరుగులు తీసేసి అరగంట బోనస్ లైన్ ఫుట్‌వర్క్ మాత్రమే ఇచ్చాను. గురువారం కూర్చుని స్కోరు రాశాడు.

ఒకడి అంకెను ఇంకొకడితో పోల్చను, ఒకే ఆటకు ఒకడు 5 అంటాడు, ఇంకొకడు 7. ఎవడి పోయిన వారాలతో వాడినే చూడాలి. పట్టుల్లో తగిలే దెబ్బలు కూడా ఈ లెక్కకు అందవు, మోకాలు విడిగా అడగాల్సిందే.

పుస్తకంలో ‘బయట’ అని ఇంకో గడి గీశాను. మొదటిరోజే పన్నెండుమందిలో నలుగురు అందులో ఏదో ఒకటి రాయించారు.