మూడు కుటుంబాలకి ఒకే మెట్లు: గుంటూరులో ఇల్లు ప్లాన్ చేసుకున్న మా అనుభవం

గుంటూరు కొరిటెపాడులో తాతగారి నాటి స్థలం మాకు 240 గజాలు ఉంది. తూర్పు రోడ్డు, ముఖం 36 అడుగులు, లోతు 60. పాత ఇల్లు తీసేసి కింద నానమ్మతో పెదనాన్న వాళ్ళు, మొదటి అంతస్తులో మేము, రెండో అంతస్తులో బాబాయి వాళ్ళు ఉండేలా కొత్తది కట్టుకున్నాం. మొత్తం పదమూడు మందిమి. గదుల విషయంలో పెద్ద పేచీ రాలేదు, ఎవరి అంతస్తు వాళ్ళిష్టం. అసలు చర్చంతా మెట్లు, డ్రైనేజీ, నీళ్ళ దగ్గరే. ఇంజనీరుతో మాట్లాడే పని నామీద పెట్టారు కాబట్టి అవి ఎలా తేలాయో వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్లానులో మెట్లు నైరుతిలో వచ్చాయి. వాస్తు ప్రకారం దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. కానీ మెట్లు ఎక్కాలంటే గేటు నుంచి దక్షిణం సందు పొడుగునా, పెదనాన్న వాళ్ళ పడకగది కిటికీల పక్కనుంచే నడవాలి. పెద్దమ్మ ప్లాను చూడగానే, "పాలవాడు, పేపరబ్బాయి, మీ చుట్టాలు అందరూ మా కిటికీలోకి చూసుకుంటూ పోతారా?" అంది. ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఒకే స్థలంలో మూడు కాపురాలు ఉన్నప్పుడు, ఒకరి ఇంటి ముందునుంచి గానీ పక్కనుంచి గానీ వెళ్ళకుండా గేటు నుంచి నేరుగా మెట్లెక్కగలగాలి. మెట్లని రోడ్డు వైపు ఆగ్నేయానికి తెచ్చాం. వంటగది ఆ మెట్లగది వెనకాలే, ఇంటి లోపలి ఆగ్నేయంలో కుదిరింది. సిద్ధాంతి గారు కూడా ప్రదక్షిణంగా ఎక్కేలా తిప్పితే చాలన్నారు. పక్కన వదలాల్సిన ఖాళీలోకి మెట్లు జరిపితే ఇల్లు కాస్త పెద్దదవుతుందని మేస్త్రీ సలహా ఇచ్చాడు గానీ, అది ప్లానుకి విరుద్ధం. మెట్లగదిని గోడల లోపలే ఉంచాం.

తర్వాత మెట్టు ఎత్తు. మాకు అంతస్తుకి అంతస్తుకి మధ్య పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. మేస్త్రీ లెక్క 7 అంగుళాల మెట్లు 18. మేము 20 మెట్లు అడిగాం, అప్పుడు ఒక్కోటి 6.3 అంగుళాలు అవుతుంది. కాలు పెట్టే వెడల్పు కూడా 10 నుంచి 11 అంగుళాలు చేశాం. రెండు వరసలుగా, వరసకి పది మెట్లు. రెండు చివర్లా మూడున్నర అడుగుల ల్యాండింగ్ కలిపితే మెట్లగది లోపలి పొడవు 13 అడుగుల 8 అంగుళాల నుంచి 15 అడుగుల 3 అంగుళాలు అయింది. అంతస్తుకి పన్నెండు చదరపు అడుగులలోపే అదనంగా పోయింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పైకి రావాలంటే ఆ జాగా ఇచ్చి తీరాలి. పక్కనే 5 అడుగులకి 5 అడుగుల గది, చుట్టూ బీములు వేయించి, రేపు లిఫ్ట్ పెట్టుకోవడానికి ఉంచాం. ప్రస్తుతానికి అది సామాన్ల గది.

మెట్ల దగ్గర ఇంకో సంగతి. సెంట్రింగ్ కొట్టేటప్పుడే టైల్స్ మందం లెక్కలోకి రావాలి. మెట్టు మీద గ్రానైట్‌తో కలిపి అంగుళంన్నర పెరిగి, కింద ఫ్లోరు మూడు అంగుళాలు పెరిగితే మొదటి మెట్టు మిగతావాటికంటే అంగుళంన్నర పొట్టిదవుతుంది. అలాంటి చోటే కాలు తడబడుతుంది. మా మేస్త్రీ పూర్తయిన ఫ్లోరు మట్టాన్ని గోడ మీద గీత గీసి, అక్కడినుంచి మెట్లు కొలిచాడు.

డ్రైనేజీకి నేను ఎక్కువ సమయం పెట్టాను, ఎందుకంటే పై వాళ్ళ నీళ్ళు కింద వాళ్ళ ఇంట్లో కనబడితే మాటలు పెరుగుతాయి. బాబాయి తన అంతస్తులో బాత్రూమ్ జరపాలన్నాడు. అలా జరిపితే అది మా వంటగది మీదకి వస్తుంది. హాలు, పడకగదులు ఎలాగైనా మార్చుకోవచ్చు గానీ బాత్రూమ్ మీద బాత్రూమ్, వంటగది మీద వంటగది ఉండాల్సిందేనని ముగ్గురం ఒప్పుకున్నాం. పైపులన్నీ బాత్రూమ్ గోడ బయట మూడు అడుగుల డక్ట్‌లోకి వెళ్తాయి. ప్లంబరు అందులో నిలబడి పనిచేసుకోవచ్చు, రిపేరుకి ఎవరి ఇంట్లోకీ వెళ్ళనక్కర్లేదు. టైల్స్ వేయకముందే ప్రతి బాత్రూమ్‌లో నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచాం. మా బాత్రూమ్ కింద, పెదనాన్న వాళ్ళ సీలింగ్‌లో పైపు గోడలోంచి బయటికి వెళ్ళే చోట చిన్న చెమ్మ కనబడింది. అక్కడ మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఇంకోసారి నింపి చూశాం.

అన్నిటికంటే ముఖ్యం కింది అంతస్తు లైను. పై రెండు అంతస్తుల 4 అంగుళాల పైపులోకే కింది టాయిలెట్‌ని కలిపేస్తే పైపు తక్కువపడుతుందని ప్లంబర్లు అలాగే చేస్తుంటారు. కానీ ఆ పైపు అడుగున ఎక్కడైనా మూసుకుపోతే, పైన ఫ్లష్ చేసిందంతా కింద కమోడ్‌లోంచో, నేల మీది జాలీలోంచో పైకి తన్నుతుంది. పైవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అందుకే పెదనాన్న వాళ్ళ టాయిలెట్ లైను విడిగా నేరుగా ఛాంబర్‌కి తీసుకెళ్ళాం. రోడ్డు వైపు లైనులో అడ్డం వచ్చినా ముందు ఛాంబర్‌లో నీళ్ళు నిలిచి కనబడతాయి.

నీళ్ళకి మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది మామూలు లెక్క. పదమూడు మందికి 1,755 లీటర్లు. కుళాయి నీళ్ళు రాని రోజులుంటాయని మూడు రోజులకి సరిపడా సంపు 6 అడుగులు, 7 అడుగులు, నీళ్ళ లోతు 5 అడుగులు పెట్టాం. దాదాపు 5,900 లీటర్లు పడతాయి. మాది నల్లరేగడి నేల కాబట్టి ఇటుక గోడలు కాకుండా కాంక్రీటుతోనే పోయించాం. ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, ఇటుక గోడ పగుళ్ళిస్తుంది. పైన మాత్రం ఒకే పెద్ద ట్యాంకు వద్దనుకుని, అంతస్తుకొకటి చొప్పున వెయ్యి లీటర్లవి మూడు పెట్టాం. ఒకరింట్లో ఫ్లష్ కారితే వాళ్ళ ట్యాంకే ఖాళీ అవుతుంది, మిగతా వాళ్ళు పొద్దున్నే నీళ్ళ కోసం చూసుకోనక్కర్లేదు. ప్రతి ట్యాంకు నుంచి విడి పైపు, విడి వాల్వు. ట్యాంకులు టెర్రస్ మీదే పెడితే బాబాయి వాళ్ళ షవర్‌కి ధార ఉండదు, అందుకని మెట్లగది పైకప్పు మీదకి ఎక్కించాం. మూడు టన్నుల నీళ్ళ బరువు పిల్లర్ల డిజైన్ కంటే ముందే ఇంజనీరుకి చెప్పాలి.

కరెంటు మీటర్లు నాలుగు. ఇళ్ళ కరెంటు రేటు యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబుల్లో పెరుగుతుంది కాబట్టి మూడు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే అందరూ పై శ్లాబుల్లో పడతారు. నాలుగోది మోటారుకీ, మెట్ల లైట్లకీ. ఆ బిల్లు మూడు భాగాలు.

చివరగా ముగ్గురు అన్నదమ్ములు పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించుకున్నారు. స్థలంలో అందరికీ మూడో వంతు. మెట్లు, టెర్రస్, సంపు, డక్ట్ ఉమ్మడి అని అందులో ఉంది. టెర్రస్ పేరు ప్రత్యేకంగా రాయించింది నాన్నే, పై అంతస్తు వాళ్ళదే అనే వాదన పిల్లల కాలంలో రాకూడదని. లిఫ్ట్ ఖర్చు మాట కూడా అప్పుడే తేల్చారు: పెట్టేటప్పుడు పై రెండు అంతస్తులవాళ్ళు చెరి సగం, కరెంటూ రిపేర్లూ వాళ్ళే. పెదనాన్న తనూ ఇస్తానన్నారు గానీ, వాడని దానికి ఇవ్వొద్దని బాబాయి పట్టుబట్టి అలాగే రాయించాడు.