కింద ఇంటికి వినపడకుండా కార్డియో, ఆరు వారాల లాగ్

బెంగళూరు బీటీఎమ్ లేఅవుట్‌లో రెండో ఫ్లోర్, అద్దె ఇల్లు. మొదటి వారం యూట్యూబ్ చూసి హాల్లో హై నీస్, అంటే మోకాళ్ళు పైకి లేపుతూ ఉన్నచోటే పరిగెత్తడం, చేశా, నాలుగో రోజే కింద అంకుల్ లిఫ్ట్ దగ్గర పట్టుకుని "ఏమనుకోవద్దు బాబూ, పొద్దున ఆరింటికే రోలు దంచుతున్నారా పైన?" అన్నారు. వాళ్ళది నంద్యాల, మాది అనంతపురం, అందుకే ఓనర్ దాకా పోలేదు అనుకుంటా.

వెంటనే యోగా మ్యాట్ కొన్నా, 6 ఎమ్ఎమ్‌ది. ఏం మారలేదన్నారు. సరే అని ఆదివారం మా ఆవిడని కిందకి పంపి, ఫోన్ కాల్ ఆన్‌లో పెట్టుకుని ఒక్కో మూవ్ చేస్తూ "ఇది వినిపించిందా" అని అడుగుతూ పోయా, అంకుల్ కూడా కుర్చీ వేసుకుని మరీ విన్నారంట. మ్యాట్ లేకుండా మామూలుగా మార్చింగ్ చేస్తే చట్ చట్ అని పాదం చప్పుడు, దాంతో పాటు ధబ్ అని ఇంకోటి. మ్యాట్ వేస్తే చట్ పోయింది, ధబ్ అలాగే ఉంది. అసలు గొడవంతా ఆ ధబ్‌తోనే. మడమ ముందు పడితే కాలు కర్రలా బిగుసుకుని ఒంటి బరువంతా ఒక్కసారే స్లాబ్ మీద పడుతుంది, స్లాబ్ డప్పులా కదులుతుంది, పల్చటి మ్యాట్ ఆ దెబ్బకి పూర్తిగా నొక్కుకుపోతుంది, ఇంక ఆపేదేముంది.

పనికొచ్చినవి రెండే. ఒకటి, ముంగాళ్ళ మీద దిగి, మోకాలు కొంచెం వంచి, తర్వాత మడమ నెమ్మదిగా ఆనించడం. రెండోది చోటు మార్చడం, హాల్ నడిమధ్యలో స్లాబ్ ఎక్కువ ఊగుతుంది, గోడ పక్కన బీమ్ దగ్గరికి జరిగితే బాగా తగ్గింది. ఈ రెండూ కలిపి చేశాక మా ఆవిడ "మొదలుపెట్టలేదా ఇంకా?" అని అడిగింది, అప్పటికి నిమిషం నుంచి చేస్తున్నా.

గాల్లో పంచ్‌లు వేసే షాడో బాక్సింగ్‌లో చప్పుడు చేతులది కాదు, ముందు చేత్తో జాబ్ పంచ్ వేసేటప్పుడు ముందు కాలు తెలీకుండానే టప్‌మని కొడతాం. నేను ముందు కాలు ఎత్తకుండా సాక్స్‌తో నేల మీద జరుపుతున్నా. మ్యాట్ మీద మాత్రం బాక్సింగ్ వద్దు, రెండో వారం వెనక చేత్తో క్రాస్ పంచ్ వేస్తూ తిరిగితే వట్టి పాదం మ్యాట్‌కి అతుక్కుపోయి మోకాలు ఒక్కటే మెలి తిరిగింది, మూడు రోజులు మెట్లు దిగడం కష్టమైంది. ఇప్పుడు మ్యాట్ మార్చింగ్‌కే, బాక్సింగ్ టైల్స్ మీద, వెనక మడమ లేపి తిప్పుతా. చెమట పడితే సాక్స్ జారుతాయి, అందుకే పక్కన పాత టవల్.

స్కిప్పింగ్‌కి తాడు లేదు. హ్యాండిల్‌కి పొట్టి దారం, చివర బాల్ ఉండేది కొన్నా, మణికట్టు తిప్పుతూ ఒక కాలి మడమ లేపి దించి ఇంకో కాలు, రెండు పాదాల ముంగాళ్ళూ నేల మీదే. నిజంగా ఎగిరినంత ఆయాసం రాదు, ఒప్పుకోవాల్సిందే. పైగా పిక్కలు పట్టేస్తాయి, మార్చింగ్ కూడా ముంగాళ్ళ మీదే కదా, డబుల్ లోడ్. మూడో వారం రెండు నిమిషాల నుంచి ఒక నిమిషానికి దించా.

నాకు 36 ఏళ్ళు, 220లోంచి వయసు తీసేస్తే 184, నిమిషానికి గుండె గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకుంటుందో దానికి అంచనా అది, అందులో 64 నుంచి 76 శాతం అంటే సుమారు 118 నుంచి 140 మధ్య ఉంటే మోడరేట్, అంటే మధ్యస్థ శ్రమ లెక్క. వాచ్‌లో స్కిప్పింగ్ ఒక్కటే చేస్తే 112 దాటలేదు, మార్చింగ్ చేతులు తలపైకి ఎత్తుతూ చేస్తే 122, బాక్సింగ్‌లో నాలుగు పంచ్‌లకోసారి ఎవడో కొడుతున్నట్టు కిందకి వంగి పక్కకి లేస్తుంటే 138. తొడలు పని చేస్తే గుండె కొట్టుకుంటుంది, ఎగరక్కర్లేదు. అయినా మణికట్టు వాచ్ పంచ్‌లప్పుడు పిచ్చి నంబర్లు చూపిస్తుంది, అందుకే ఆపిన వెంటనే చెయ్యి కదపకుండా చూసిన రీడింగ్సే ఇవి, మాట్లాడగలగాలి కానీ పాడలేకపోవాలి అన్న లెక్కతో కూడా సరిచూసుకున్నా.

ఇప్పటి సెట్: మార్చింగ్ 3 నిమిషాలు, బాక్సింగ్ 2, స్కిప్పింగ్ 1, ఇలా మూడు రౌండ్లు, వారానికి ఐదు రోజులు, ఆరింటికి కాదు ఏడింటికి.

నిన్న అంకుల్ని అడిగితే "దంచుడు ఆగింది బాబూ, కానీ ఏడుంపావుకి ఎవరో కుర్చీ ఈడుస్తారు" అన్నారు. అది నేనే, చోటు కోసం జరిపిన డైనింగ్ కుర్చీలు మళ్ళీ లోపలికి లాగుతుంటా. ఇవాళ కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అంటించా.