ఇంతకీ ఆ ‘భారతా’ ఎవరు?

మా ఎంవీపీ కాలనీలో ఆదివారాలు పెద్దమ్మ వాళ్లింట్లో గీత చదువుకుంటున్నాం. ఈసారి రెండో అధ్యాయం పదో శ్లోకం దగ్గర చెల్లి ఆపేసింది. "ఇక్కడ ‘భారత’ అని పిలిచేది అర్జునుణ్ణేగా అక్కా?"

కాదు. "తమువాచ హృషీకేశః ప్రహసన్నివ భారత". కృష్ణుడే మాట్లాడుతుంటే తనను తాను ‘హృషీకేశుడు’ అని చెప్పుకోడు కదా. అంటే ఇది సంజయుడి మాట, వింటున్నది ధృతరాష్ట్రుడు. నాలుగు శ్లోకాలు దాటితే "తాంస్తితిక్షస్వ భారత" అని వస్తుంది. అక్కడ చెప్పేది కృష్ణుడు, వినేది అర్జునుడు. పిలుపు అదే, మనిషి మారిపోయాడు!

అసలు చిక్కు ఇంకా పైన ఉంది. ఈ సంజయుడి కథను సర్పయాగంలో జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పాడు. దాన్ని నైమిశారణ్యంలో శౌనకాది మునులకు సూతుడు చెప్పాడు. జనమేజయుడూ భరతవంశం వాడే, కాబట్టి ఒక్క పిలుపును నమ్ముకుంటే దారి తప్పుతాం.

మాకు పనికొచ్చిన పద్ధతి పెన్సిలే. ‘సంజయ ఉవాచ’, ‘శ్రీభగవానువాచ’ వచ్చిన ప్రతిచోటా అంచున ‘సంజయుడు – ధృతరాష్ట్రుడికి’, ‘కృష్ణుడు – అర్జునుడికి’ అని రాసుకుంటున్నాం. పారాయణంలో చాలామంది ఈ ఉవాచలను గబగబా దాటేస్తారు, నాకైతే అవే ముఖ్యం. పదకొండో శ్లోకం ముందు ‘శ్రీభగవానువాచ’ వదిలేసి చదివి చూడండి, ఎవరు ఓదారుస్తున్నారో తెలియదు.

వచ్చేవారం పదకొండో అధ్యాయం. అక్కడ సంజయుడు మళ్లీ మధ్యలోకి వస్తాడు, చెల్లి ఇప్పటికే పెన్సిల్ చెక్కుతోంది.