టాలీ అయినా తప్పే: పోయిందనుకున్న బాకీ వసూలైన లెక్క

కడపలో సీఏ ఫౌండేషన్‌కి చదివేటప్పుడు ఒక మాక్ టెస్టులో నా బ్యాలెన్స్ షీటు చక్కగా టాలీ అయింది. మార్కులు మాత్రం పోయాయి. పోయింది ఒకే ఒక్క సర్దుబాటు దగ్గర: "గత ఏడాది రద్దు చేసిన బాకీలో ₹9,000 ఈ ఏడాది వసూలైంది. దాన్ని కస్టమర్ ఖాతాకు క్రెడిట్ చేశారు."

సరిగ్గా ఈ తప్పే ప్రొద్దుటూరులో మా మామయ్య బట్టల కొట్టులోనూ చూశాను. ఆశ వదులుకున్న ఒకాయన బాకీ ఉన్నట్టుండి వచ్చింది. మామయ్య దాన్ని ఆయన పేజీలోనే జమ వేశాడు. "ఇచ్చింది ఆయనే కదరా, ఆయన పేజీలో కాక ఇంకెక్కడ రాయాలి?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఇదీ. బాకీ రద్దు చేసిన రోజే ఆ పేజీలో నిల్వ సున్నా అయిపోయింది. ఇప్పుడు అందులో జమ వేస్తే మనమే ఆయనకు ₹9,000 బాకీ ఉన్నట్టు తేలుతుంది. నష్టం గత ఏడాది లాభంలోంచి పోయింది, ఆ లెక్కలు మూసేశాం. కాబట్టి వచ్చిన డబ్బు ఈ ఏడాది ఆదాయం. బ్యాంకు ఖాతా డెబిట్, రాని బాకీల వసూలు ఖాతా క్రెడిట్. ఏడాది చివర అది లాభనష్టాల ఖాతాకు క్రెడిట్ వైపు వెళ్తుంది. రద్దు చేసింది ₹12,000 అయినా, రాసేది చేతికొచ్చిన ₹9,000 మాత్రమే.

ఇక టెస్టు లెక్క. ట్రయల్ బ్యాలెన్సులో డెటర్స్ ₹1,91,000, ప్రొవిజన్ 5 శాతం. కస్టమర్ ఖాతాలో పడ్డ క్రెడిట్ మొత్తం డెటర్స్‌ని తగ్గించేసింది. అందుకని డెటర్స్ డెబిట్, రాని బాకీల వసూలు క్రెడిట్ అని ₹9,000కి సవరణ ఎంట్రీ వేయాలి. బ్యాంకు జోలికి వెళ్లకూడదు, డబ్బు అక్కడ ముందే చేరింది. (మొదటిసారి నేను బ్యాంకులో మళ్లీ కలిపాను!) డెటర్స్ ₹2,00,000 అయ్యాక, ప్రొవిజన్ ₹9,550 కాదు, ₹10,000 కావాలి. ఈ ₹450 నేను మర్చిపోయింది రెండోసారి.

సవరించకపోతే లాభం ₹9,000 తగ్గి, ప్రొవిజన్ వల్ల ₹450 పెరుగుతుంది. అంటే నికరంగా ₹8,550 తక్కువ. ఆస్తుల వైపు ప్రొవిజన్ తీసేశాక మిగిలే డెటర్స్ కూడా సరిగ్గా అంతే తగ్గుతాయి. అందుకే టాలీ అవుతుంది, మనకు అనుమానమే రాదు.

ట్రయల్ బ్యాలెన్సు క్రెడిట్ వైపు "రాని బాకీల వసూలు" అని విడిగా కనిపిస్తే మాత్రం ఇదంతా అక్కర్లేదు. ఎంట్రీ సరిగ్గానే పడిందన్నమాట. డెటర్స్‌ని ముట్టుకోకుండా ఆ మొత్తాన్ని నేరుగా లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్లండి.