మైనస్ రెండు బై మూడు

తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు నాకింకా గుర్తే. (8/27)^(-2/3) ని సూక్ష్మీకరించమన్న లెక్కకి నేను -4/9 అని రాశాను. ఘాతంలో మైనస్ ఉంది కదా, జవాబుకీ మైనస్ వస్తుందనుకున్నాను. క్లాసులో సగం మందిమి అలాగే రాశాం.

లెక్కల మాస్టారు ఎవర్నీ కోప్పడలేదు. బోర్డు మీద 2^3 = 8, దాని కింద 2^2 = 4, ఆ కింద 2^1 = 2 అని రాశారు.

"మెట్టు దిగినప్పుడల్లా ఏమవుతోందర్రా?"

"సగమవుతోంది సార్."

"అయితే ఇంకా దిగండి."

2^0 దగ్గర 1 వచ్చింది. ఆ కింద 1/2, ఇంకా కింద 1/4. ఎంత దిగినా చిన్నదవుతుందే తప్ప సున్నా దాటి కిందికి పోదు. ఘాతంలోని మైనస్ సంఖ్య గుర్తును మార్చదు, సంఖ్యను తిరగేస్తుంది. a^(-n) = 1/a^n అని అప్పటికే బట్టీ పట్టాం గానీ, అలా ఎందుకో ఆ మెట్ల మీదే తెలిసింది.

భిన్నం సంగతీ అలాగే చెప్పారు. 8^(1/3) ని మూడుసార్లు వేసి గుణించమన్నారు. ఘాతాలు కూడితే 1/3+1/3+1/3, అంటే 8^1. మూడుసార్లు గుణిస్తే 8 వచ్చేది 2 కాబట్టి 8^(1/3) అంటే 8 ఘనమూలమే. ఘాతాలు కూడే న్యాయం నిలవాలంటే దానికి వేరే అర్థం ఇవ్వలేం.

ఇక నా లెక్క. ముందు మైనస్ కోసం తిరగేస్తే (27/8)^(2/3). హారంలోని 3 కోసం ఘనమూలం తీస్తే 3/2. లవంలోని 2 కోసం వర్గం చేస్తే 9/4. ముందే వర్గం చేసినా తప్పు లేదు కానీ, 729/64 కి ఘనమూలం వెతుక్కోవాలి. మూలం ముందు తీస్తే అంకెలు చేతిలో ఉంటాయి. ఈ వరస నేను ఇప్పటికీ మార్చలేదు.

అప్పుడే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, (-8)^(1/3) అంటే -2 కదా. 1/3 ని 2/6 అని రాస్తే?" మాస్టారు బోర్డు మీదే చేసి చూపించారు. -8 ని వర్గం చేస్తే 64, దానికి ఆరో మూలం 2. ఒకే లెక్కకి -2, 2 రెండూ వచ్చాయి! ఎక్కడ తప్పిందో మాకెవరికీ తోచలేదు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. అందర్నీ పుస్తకం తీయమన్నారు. భిన్న ఘాతాల న్యాయాలకు ముందు మేమెవరం పట్టించుకోని చిన్న షరతు ఉంది: a > 0. భూమి a రుణ సంఖ్య అయితే, భిన్న ఘాతాన్ని ఇష్టమొచ్చినట్టు విడదీసి న్యాయం ప్రయోగించకూడదు. (-3)^2 కి వర్గమూలం తీస్తే -3 రాదు, 3 వస్తుంది. అక్కడా ఇదే తంటా.

ఆ షరతు కింద మా అందరి చేతా పెన్సిలుతో రెండేసి గీతలు గీయించారు.