టెంకాయ నీళ్లు, మోకాలి మాత్రలు

మాది అనంతపురం జిల్లా నార్పల పక్కన పల్లె. నాలుగెకరాల చీనీ తోట ఉంది. నాకు అరవై ఒకటి. షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది, దానివల్లే కిడ్నీలు దెబ్బతిన్నాయి. పోయిన ఏడాది మార్చిలో రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, 2.8 ఉంది. కిడ్నీల పని నూటికి పాతిక వంతే మిగిలిందని, ఇది నాలుగో స్టేజీ అని డాక్టరమ్మ చెప్పింది. నాకైతే ఒంట్లో ఏ బాధా లేదు. అందుకే ఆమె మాటలు సగమే చెవికెక్కాయి.

మే నెల ఎండల్లో మోకాలు వాచింది. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్ మాత్రలిచ్చారు. రోజుకు రెండు చొప్పున ఎనిమిది రోజులు వేసుకున్నాను. నొప్పి తగ్గింది, నిజమే. వేడి చేసిందని రోజూ రెండు టెంకాయల నీళ్లు తాగాను. బెంగళూరులో ఉండే కొడుకు బీపీ వాళ్లకు మంచిదని సోడియం తక్కువుండే ఉప్పు తెచ్చిచ్చాడు, కూరల్లో అదే వేసేవాళ్లం. బీపీకి టెల్మిసార్టన్ మాత్ర ఎప్పటినుంచో వాడుతున్నాను. వీటిలో ఏదీ తప్పని నాకు అనిపించలేదు. టెంకాయ నీళ్లు చెడ్డవని ఎవరంటారు?

తొమ్మిదో రోజు పొద్దున తోటలో గెనం ఎక్కబోతే కాళ్లు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, బలమే లేదు. అనంతపురం తీసుకుపోయేసరికి నాడి నిమిషానికి 42 కొడుతోంది. ఈసీజీ కాగితం మీద గీతలు గుడారాల్లా పైకి లేచి మొనదేలాయి. రక్త పరీక్షలో పొటాషియం 6.9 వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. క్రియాటినిన్ 4.7కి పోయింది.

ముందు నరానికి కాల్షియం ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండె గతి తప్పకుండా కాసేపు కాస్తుందట. తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చారు. నాకు షుగర్ ఉంటే మళ్లీ గ్లూకోజ్ ఎందుకని మా ఆవిడ గొడవ పెట్టుకుంది. ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుందని, ఉత్త ఇన్సులిన్ ఇస్తే షుగర్ పడిపోతుందని గ్లూకోజ్ కలుపుతారని నర్సు చెప్పింది. ఇది తాత్కాలికమే, లోపలికి పోయింది మళ్లీ బయటికొస్తుంది. చివరికి మూత్రంలోనో, మలంలోనో, డయాలిసిస్‌లోనో ఒంట్లోంచి పోవాలి. నాకు మూత్రం వస్తోంది కాబట్టి డయాలిసిస్ దాకా పోలేదు. రెండో రోజుకు 5.4కి దిగింది.

మూడో రోజు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "పెద్దాయనా, తోటకు డ్రిప్ ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. కాగితం మీద రక్తనాళాల చిన్న ఉండ ఒకటి గీసింది. దానికి రక్తం వచ్చే నాళం ఒకటి, పోయే నాళం ఒకటి. రెండూ వాల్వుల లాంటివి. ఉండలో ప్రెషర్ ఉంటేనే రక్తం వడపోతకు వస్తుంది. వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. పోయే నాళాన్ని బిగించి ప్రెషర్ నిలిపేది యాంజియోటెన్సిన్. నొప్పి మాత్ర మొదటిదాన్ని ఆపుతుంది, అంటే లోపలికొచ్చే వాల్వు మూసుకుంటుంది. టెల్మిసార్టన్ రెండోదాన్ని ఆపుతుంది, అంటే బయటికిపోయే వాల్వు వదులవుతుంది. ముందు కట్టేసి వెనక తెరిస్తే డ్రిప్పర్లకు నీళ్లు ఎక్కడివి? ఇది నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది.

"అట్లయితే ఆ బీపీ మాత్ర ఎందుకిచ్చినావమ్మా?" అని అడిగాను. మంచి ప్రశ్నేనంది. వడపోత ఉండలు ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా ఉంటాయట. చాలా భాగం చచ్చిపోతే మిగిలినవి వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి, ఆ ప్రెషర్‌కే అవీ చెడిపోతాయి. వెనక వాల్వు కాస్త వదులుచేస్తే వాటి ఆయుష్షు పెరుగుతుంది. మాత్ర మంచిదే, నొప్పి మాత్ర దానికి తోడవడమే నన్ను ముంచింది.

పొటాషియం సంగతి ఇంకొంచెం వేరు. మనం తిన్న పొటాషియంలో పదింట తొమ్మిది వంతులు మూత్రంలోనే పోవాలి. ఉండ కింద ఉండే సన్నటి గొట్టం చివర, ఆల్డోస్టెరాన్ అనే హార్మోను చెబితే అది మూత్రంలోకి దిగుతుంది. టెల్మిసార్టన్ ఆ హార్మోనునూ తగ్గిస్తుంది, నొప్పి మాత్ర కూడా కొంత తగ్గిస్తుంది. పోయే దారి అలా ఇరుకైన సమయంలోనే నేను రోజుకు రెండు టెంకాయల నీళ్లు పోశాను. ఒక్కో కాయలో అరగ్రాము పైనే పొటాషియం ఉంటుందట. ఇక కొడుకు తెచ్చిన ఉప్పులో సోడియం తగ్గించి పెట్టింది పొటాషియం క్లోరైడే. ఆ మాట చెబితే వాడు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అసలు తిప్పలు నీళ్లతో. నీళ్లు బాగా తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయని ఊళ్లో అందరూ చెప్పేవాళ్లే. కానీ నాకు పాదాలు వాచి ఉన్నాయి, మూత్రం తగ్గింది. ఉప్పు బయటికి పోకపోతే అది నీళ్లను పట్టుకుని ఒంట్లోనే ఉంటుంది. కొలిచే మగ్గు ఒకటి కొనుక్కుని ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టాను. 900 మిల్లీలీటర్లు వచ్చింది. దానికి అర లీటరు కలిపి మరుసటి రోజు 1.4 లీటర్లు తాగమన్నారు, మజ్జిగ, కాఫీ, చారు అన్నీ అందులోనే. రోజూ పొద్దున బరువు చూసుకునేవాణ్ణి. ఒక రాత్రిలో కిలో పెరిగితే అది కండ కాదు, లీటరు నీళ్లు. ఊరగాయ, అప్పడం మానేశాక దాహమే తగ్గింది. ఉప్పు తింటూ నీళ్లు ఆపుకోవడం ఎవరివల్లా కాదు. వాపు దిగి, మూత్రం పెరిగాక ఆ లెక్క సడలించారు. మా ఎండల్లో ఒళ్లు ఎండిపోయినా కిడ్నీకి దెబ్బే. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజు టెల్మిసార్టన్ ఆపి ఫోన్ చెయ్యమన్నారు.

కూరగాయలు తొక్కతీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. పొటాషియం నీళ్లలో కరిగిపోతుంది. మొదటి వారం మా ఆవిడ అట్లాగే వండింది, కానీ నీళ్లు పారబోయలేదు. "సత్తువంతా అందులోనే ఉంటే పారబోస్తామా" అని వాటితోనే చారు పెట్టింది! రక్త పరీక్షలో 5.8 వచ్చాకే ఆ సంగతి బయటపడింది. రాగి సంగటి ముద్ద సగమైంది, పక్కన ఊరిబిండి స్పూనుకు మించదు. ఉగ్గాని మాత్రం దక్కింది, బొరుగుల్లో ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగి.

టెల్మిసార్టన్ ఆరు వారాలు ఆపి, సగం మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. పది రోజులకు రక్తం చూస్తే పొటాషియం 5, క్రియాటినిన్ 3. పాత 2.8 మాత్రం మళ్లీ రాలేదు. మోకాలు నొప్పెడితే ఇప్పుడు పారాసిటమాల్, వేడినీళ్ల కాపడం. మెడికల్ షాపులో ఏది అడిగినా ముందు "నాకు కిడ్నీ ఉంది" అంటాను. "అందరికీ ఉంటాయి కదన్నా" అని ఆ పిల్లోడు నవ్వుతాడు.

మొన్న చీనీ కాయలు కొనే వ్యాపారి తోటకొచ్చాడు. రుచి చూద్దామని కాయ ఒలిచి సగం నా చేతిలో పెట్టాడు. రెండు తొనలు తిని మిగతావి మనవడికిచ్చాను. ఆ మధ్యాహ్నం పప్పు మానేశాను.