స్పానిష్ భిన్నాలు, ఆరో వారం: 2/3 ఇంకా తిరగబడుతూనే ఉంది

శనివారం క్లాసులో జరిగినది ఇంకా మనసులోంచి పోవడం లేదు. డల్లాస్ దగ్గర మా కాలనీలో మెక్సికో నుంచి వచ్చిన ఒక కుటుంబంలోని పిల్లలిద్దరికి లెక్కలు చెబుతున్నాను. ఒక పాప నాలుగో తరగతి, ఆమె అన్న ఐదు. ఇంట్లో స్పానిషే కాబట్టి పాపకు లెక్క ఆ భాషలో చెబితేనే త్వరగా ఎక్కుతుంది. నేను స్పానిష్ నేర్చుకుంటున్నదీ అందుకే.

24లో 2/3 ఎంత అని అడగాలి. అంటే 'దోస్ తెర్సియోస్ దె బెయింతిక్వాత్రో'. నా నోట 'త్రెస్ మెదియోస్ దె బెయింతిక్వాత్రో' అని వచ్చింది, అంటే 3/2. పాప చక్కగా 24ను రెండుగా విడగొట్టి, 12ను మూడుసార్లు తీసుకుని, 36 అని రాసింది. నేను టిక్ పెట్టేశాను. ఐదు నిమిషాల తర్వాత వాళ్లన్న "మాయెస్త్రా, ముక్క మొత్తం కంటే పెద్దదెలా అయింది?" అని అడిగాడు. పాప చేసిన లెక్క సరైనదే, అడిగిన ప్రశ్నే తప్పు. జవాబు 16 రావాలి.

మిగతావి బాగానే సాగుతున్నాయి. ప్రిమేరో నుంచి దేసిమో వరకు క్రమసంఖ్యలు పాప తడుముకోకుండా చెబుతోంది. పురుషలింగ ఏకవచన నామం ముందు ప్రిమేరో, తెర్సేరోల చివరి 'ఓ' పోయి ప్రిమెర్, తెర్సెర్ అవుతాయన్నది నాకు అలవాటైంది.

ఈ తిరగబడే సమస్య మాత్రం ఆరు వారాలుగా వదలడం లేదు. అందుకే పోయిన నెల నుంచి లెక్క రాసుకుంటున్నాను. 1/4, 3/4, 2/3, 2/5, 3/8, 5/12, ఒక్కోటి నాలుగు కార్డుల చొప్పున మొత్తం 24. కార్డు చూసి మూడు సెకన్లలో స్పానిష్‌లో చెప్పాలి. మొదటిసారి 9 తప్పులు వచ్చాయి: 2/3కు 3, 2/5కు 3, 3/8కు 2, 5/12కు 1. తప్పులన్నీ ఒకటే రకం, కింది అంకె ముందు వచ్చేస్తోంది. తొందర వల్లేమోనని మూడు సెకన్లను ఆరు చేశాను. అప్పుడు కూడా 8 వచ్చాయి. కాబట్టి వేగం కారణం కాదు.

కారణం తెలుగేనని నా అనుమానం. నేను తెలుగు మీడియంలో చదివాను. 2/3 కనిపిస్తే నా మనసులో 'మూడింట రెండు' అనే వినిపిస్తుంది. మనం ముందు మొత్తాన్ని ఎన్ని భాగాలు చేశామో చెప్పి, తర్వాత ఎన్ని తీసుకున్నామో చెబుతాం. కన్ను కింది నుంచి పైకి వెళ్తుంది. స్పానిష్‌లో పై నుంచి కిందికి రావాలి: దోస్, ఆ తర్వాత తెర్సియోస్.

కాకపోతే 3/4 ఒక్కసారి కూడా తిరగబడలేదు. 'నాలుగింట మూడు' అన్న మాట కూడా కింది అంకెతోనే మొదలవుతుంది కదా, మరి ఇది ఎందుకు తప్పించుకుంది? రెండు రోజులు ఆలోచిస్తే తట్టింది. 3/4 చూడగానే నాకు గుర్తొచ్చేది 'నాలుగింట మూడు' కాదు, 'ముప్పావు'. అంటే మూడు పావులు. పావు అనేది ఒక వస్తువు పేరులాంటిది, పావుకిలో, పావుశేరు అంటాం కదా. మూడు మామిడికాయలు అన్నట్టే మూడు పావులు. త్రెస్ క్వార్తోస్ కూడా అచ్చంగా అదే వరుస. 1/4 తప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. పైన ఒకటి ఉంటే తిప్పి చెప్పడానికి అక్కడ ఏమీ ఉండదు.

దాంతో పద్ధతి మార్చాను. తెర్సియో, కింతో, ఒక్తావోలను అంకెలుగా కాకుండా పావులాగా ముక్కల పేర్లుగా నేర్చుకుంటున్నాను. ఎనిమిదంగుళాల కాగితం పట్టీ తీసుకుని, మడిచి, ప్రతి ముక్క మీద 'ఒక్తావో' అని అక్షరాల్లోనే రాశాను, 1/8 అని రాయలేదు. తర్వాత ముక్కలు లెక్కపెట్టడమే: ఉన్ ఒక్తావో, దోస్ ఒక్తావోస్, త్రెస్ ఒక్తావోస్. దుకాణంలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ భిన్నాల పలకలు నాకు ఇందుకు నచ్చవు. వాటి మీద 1/8 అని అచ్చువేసి ఉంటుంది, కన్ను మళ్లీ కింది అంకె మీదికే పోతుంది. ఫోన్‌లో కార్డుల యాప్ కంటే కూడా చేత్తో మడిచిన కాగితమే మేలనిపించింది.

ఈ బుధవారం మళ్లీ 24 కార్డులు చూశాను. 4 తప్పులు: 2/3కు 2, 2/5కు 1, 3/8కు 1. సగానికంటే తగ్గాయి, కానీ 2/3 మొండిగానే ఉంది. స్పానిష్‌లో 4 నుంచి 10 వరకు క్రమసంఖ్యకూ భిన్నానికీ ఒకే మాట, క్వార్తో అంటే నాలుగోదీ పావూ కూడా. 2, 3 మాత్రం వేరు: సెగుందో, కానీ మెదియో, తెర్సేరో, కానీ తెర్సియో. 2/3లో ఈ రెండు అంకెలూ ఉన్నాయి కాబట్టి సరైన మాట వెతుక్కునే లోపు వరుస జారిపోతోందని నా ఊహ.

క్లాసులో నేను మళ్లీ తప్పు చెబితే వెంటనే తెలియాలంటే మొత్తాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలని కూడా ఇప్పుడే తెలిసింది. 24 ప్రమాదకరమైన సంఖ్య. 2, 3, 4, 8తో నిశ్శేషంగా భాగించబడుతుంది కాబట్టి తిరగేసి అడిగినా పూర్ణ సంఖ్యే వస్తుంది. 3/8 అడగబోయి 8/3 అడిగితే 64 వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. పై అంకెతో భాగించబడని సంఖ్య తీసుకుంటే తప్పు దాగదు. 2/3కు 15 ఇస్తే సరైన జవాబు 10, తిరగేస్తే 22.5. 3/8కు 16 ఇస్తే 6 రావాలి, తిరగేస్తే పూర్ణ సంఖ్య కాదు. పిల్ల తలెత్తి చూస్తే చాలు, తప్పు నాదని తెలిసిపోతుంది. దీంతోపాటు ప్రతి లెక్క తర్వాత 'మాస్ ఓ మేనోస్ కె ఎల్ ఎంతేరో?', అంటే మొత్తం కంటే ఎక్కువా తక్కువా, అని పాపను అడుగుతున్నాను.

పది దాటాక ఇంకో చిక్కు ఉంది. 1/11 ఒన్సెఆవో, 1/12 దొసెఆవో. ఈ 'ఆవో' తోక ఒక్తావో నుంచి వచ్చిందే. పదకొండో అంతస్తును కూడా చాలామంది ఒన్సెఆవో అంటారు, ప్రామాణిక వాడుకలో అది భిన్నానికే. క్రమానికి ఉందేసిమో అనే మాట ఉంది కానీ నేను పిల్లలకు 'పీసో ఒన్సె' అనే నేర్పుతాను, మామూలు మాటల్లో వినిపించేది అదే. రాజుల పేర్లలోనూ ఇంతే: పదో అల్ఫోన్సోను దేసిమో అంటారు, పదమూడో ఆయనను త్రెసె అనే అంటారు.

వచ్చే శనివారానికి అంగుళాల టేపు తీసుకెళ్తున్నాను. పిల్లల నాన్న వడ్రంగి పని చేస్తారు, టేపు మీద గీతలు పదహారో వంతులు, దియెసిసెయిసావోస్. బల్ల అంచు కొలిచి 'త్రెస్ దియెసిసెయిసావోస్ దె పుల్గాదా' అని పాప చేత చెప్పించాలి. దశాంశాలు ఆ తర్వాతే. వాటిలో 0.3ను స్త్రీలింగంలో 'త్రెస్ దేసిమాస్' అనాలి. కార్డులు కూడా 24 నుంచి 30 చేసి, కొత్తగా చేరే ఆరింటిలో నాలుగు 2/3కే ఇస్తున్నాను.